ముందు మూడు బంట్లు చాలు

*"మా బాబుకి ఆరేళ్లు నిండాయి, ఒకటో తరగతి. మొన్న వేసవిలో మావారు చెస్ బోర్డు కొని, ఒక ఆదివారం కూర్చోబెట్టి అన్ని పావులూ ఎలా కదులుతాయో చెప్పారు. కాసేపు బాగానే విన్నాడు. తర్వాత గుర్రంతో ఏనుగుని గుద్దించి కిందపడేసే ఆట మొదలెట్టాడు. మావారు కసిరారు, వాడు ఏడ్చాడు. ఆన్‌లైన్ క్లాసులో చేర్పిస్తే రెండో రోజే లేచి వెళ్లిపోయాడు. పక్క ఫ్లాట్‌లో అదే వయసు పాప అండర్-7 పోటీలకి వెళ్తోంది. మావాడికి ఇది ఎక్కదేమో, వదిలేయాలా? కథలు చెప్పి నేర్పొచ్చంటారు, అదెలా? నాకు ఆట అంతంతమాత్రమే వచ్చు."*
*— ఒక తల్లి, కాకినాడ*

అమ్మా,

గుర్రంతో ఏనుగుని గుద్దించాడంటే మీవాడికి ఆ పావులు నచ్చాయన్నమాట. వదిలేయాల్సిన అవసరం ఏమీ లేదు. చెప్పిన వరస మార్చుకుంటే చాలు.

మీవారిని కూడా ఏమీ అనకండి. నేనూ అదే చేశాను. మా అబ్బాయికి ఐదేళ్లప్పుడు ముప్పై రెండు పావులూ పేర్చి, ఒక్క గంటలో అన్నీ చెప్పేశాను. "గుర్రం ఎందుకలా వంకరగా వెళ్తుంది?" అని అడిగితే "రూల్ అంతే" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. మర్నాడు వాడితో ఆడి నాలుగు ఎత్తుల్లో ఆట కట్టించి, ఎలా ఉందన్నట్టు చూశాను. రెండేళ్లపాటు వాడు ఆ పెట్టె మూత తీయలేదు. ఆ తర్వాత మా వీధి పిల్లలకి నేర్పడం మొదలుపెట్టాకగానీ నాకు సంగతి తెలియలేదు.

ఆరేళ్ల పిల్లలకి పావులు కదపడం కష్టం కాదు. ఆట ఎప్పుడు అయిపోతుందో అర్థం కాకపోవడమే కష్టం. చెస్‌లో రాజుని ఎవరూ తినరు. తినబోతున్నారు, తప్పించుకునే దారి లేదు అని తేలగానే ఆట ఆగిపోతుంది. జరగని పనిని ఊహించుకుంటే తప్ప గెలుపు కనిపించదు. పెద్దవాళ్లం మనకి అది మామూలే. ఆరేళ్లవాడికి మాత్రం నాన్న ఉన్నట్టుండి "అయిపోయింది, నువ్వు ఓడిపోయావు" అంటాడు, రాజేమో ఇంకా గడిలో నిక్షేపంగా నిలబడే ఉంటాడు. ఇంకెందుకు కూర్చుంటాడు? అందుకని మొదట్లో గెలుపు కంటికి కనిపించే ఆటలే ఆడించాలి. అవతలి ఒడ్డు చేరాడు, గింజలన్నీ తినేశాడు, అలాంటివి. రాజు సంగతి చిట్టచివర.

కథల విషయంలో ఒక్క మాట. "అనగనగా ఒక రాజ్యం, అందులో ఒక తెల్ల గుర్రం" అని అరగంట చెప్పి, చివర్లో "ఇప్పుడు ఇది ఇలా కదులుతుంది" అంటే ఉపయోగం లేదు. కథ వేరు, రూలు వేరు అయిపోతాయి. ఈ పావు ఎందుకు ఇలాగే కదులుతుంది అన్నదానికి జవాబు కథలోనే ఉండాలి. రెండు మూడు వాక్యాలు చాలు.

బంటుతో మొదలుపెట్టండి. మిగతావన్నీ పెట్టెలోనే ఉంచి, బోర్డు మీద తెల్లవి మూడు, నల్లవి మూడు బంట్లు పెట్టండి. మామూలుగా బంట్లు నిలబడే వరసల్లోనే, ఎడమవైపు మూడు గళ్లలో, ఎదురెదురుగా. కథ ఇది: బంటు రాజుగారికి మాటిచ్చాడు, వెనకడుగు వేయనని. అందుకే ముందుకే వెళ్తాడు, ఒక్కో అడుగు. చేతిలో పెద్ద డాలు ఉంది, దాన్ని ముందుకి పట్టుకుని నడుస్తాడు. ఎదురుగా ఇంకో బంటు వస్తే డాలూ డాలూ ఆనుకుంటాయి, ఇద్దరూ కదల్లేరు. బల్లెం మాత్రం డాలు పక్కనుంచి ఏటవాలుగా బయటికి వస్తుంది. కాబట్టి ముందు ఐమూలగా ఉన్నవాణ్ణే కొట్టగలడు. అవతలి చివర వరసకి ఎవరి బంటు ముందు చేరితే వాళ్లు గెలిచినట్టు. ఎదుటివాళ్ల బంట్లన్నీ తినేసినా గెలుపే. కదలాల్సినవాళ్లకి కదిలే బంటు ఒక్కటీ లేకపోతే ఇద్దరికీ సమానం. ఇది మాత్రం మార్చకండి. రేపు అసలు ఆటలో కూడా కదల్లేని పరిస్థితి వస్తే డ్రానే కాబట్టి, ఇక్కడ ఓటమి అని చెబితే తర్వాత దాన్ని మళ్లీ మాన్పించాల్సి వస్తుంది.

మొదటిసారి రెండడుగులు వేయొచ్చన్న రూలు మొదటి వారం చెప్పకండి. మూడు బంట్ల ఆట రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. ఓడినా "ఇంకోటి" అనగలిగేంత చిన్నది, దీని బలమంతా అదే. మూడు అలవాటయ్యాక ఐదు, తర్వాత ఎనిమిది. ఎనిమిదికి వచ్చినప్పుడు రెండడుగుల సంగతి చెప్పండి: "నిద్ర లేచిన ఉత్సాహంలో మొదటిసారి మాత్రం రెండడుగులు వేయగలడు."

ఇందులో మీవాడు నేర్చుకునేది బంటు నడక ఒక్కటే కాదు. ఆరేళ్ల పిల్లలు తమ బంటునే చూస్తారు, ఎదుటి బంటుని చూడరు. పరుగెత్తించి తీసుకెళ్లి మీ బల్లెం కింద పెడతారు. అప్పుడు "చూసుకోవాలి కదా" అనకండి. తినేసి, మీ ఎత్తు వేసేముందు ప్రతిసారీ పైకే అనండి: "వీడి బల్లెం ఎక్కడికి తగులుతుంది? ఇక్కడికి, ఇక్కడికి." వారం తిరిగేసరికి వాడూ వేలు పెట్టి చూపించడం మొదలెడతాడు. ఎదుటివాడు ఏం చేయబోతున్నాడో చూడటం చెస్‌లో అన్నిటికన్నా ముందు కావలసిన అలవాటు. అది ఇక్కడ, మూడు బంట్లతోనే వస్తుంది. ముప్పై రెండు పావుల మధ్య అయితే దాన్ని గమనించే తీరిక ఎవరికుంటుంది?

మూడో వారంలో ఒక చిక్కు పెట్టండి. మా అక్క మనవరాలు దసరా సెలవులకి వచ్చినప్పుడు దానికి ఇదే పెట్టాను, ఆరేళ్ల మూడు నెలలు అప్పటికి. తెల్లబంట్లు మూడూ పక్కపక్కనే ఐదో వరసలో, నల్లబంట్లు మూడూ వాటికెదురుగా ఏడో వరసలో, మధ్యలో ఒకే ఒక్క ఖాళీ వరస. తెల్లవాళ్లు మొదలుపెట్టి అవతలికి చేరాలి. చూడటానికి గోడలా ఉంటుంది. అది మొదటిరోజు ఎడమ చివరి బంటుని తోసింది. మధ్యలో ఉన్న నా నల్లబంటుతో దాన్ని తినేశాను. అది తన మధ్యబంటుతో తిరిగి తింది. నేను మిగిలిన మూడోదాన్ని ఒకడుగు ముందుకి వేయగానే డాలూ డాలూ ఆనుకున్నాయి, ఎవరూ కదలడానికి లేదు. సమానం. రెండోరోజు కుడివైపు నుంచి మొదలుపెట్టింది, మళ్లీ అంతే. మూడోరోజు అన్నం తింటూ తింటూ లేచి వచ్చి మధ్యబంటుని తోసింది. నా ఎడమ బంటుతో తినేశాను. వెంటనే కుడిబంటుని తోసింది. మధ్యలోని నల్లబంటుతో దాన్నీ తినేశాను. ఇప్పుడు దానికి మిగిలింది ఎడమ చివర ఒక్క బంటు. దాని ముందు డాలు పట్టుకుని నిలబడ్డ నా బంటు ఇందాకే తినడానికి పక్కకి వెళ్లిపోయింది. దారంతా ఖాళీ. ఒకటి, రెండు, మూడు అడుగులు, చేరిపోయింది. నా బంట్లు మూడూ బతికే ఉన్నాయి, ఒక్కటీ సగం దూరమైనా రాలేదు. "వాళ్లిద్దరూ నీవాళ్లని పక్కకి పిలిచారు తాతా" అంది. బలివ్వడం అనే మాట నేను ఎత్తనేలేదు. (మొదట కుడివైపు బంటుతో తిన్నా ఇదే లెక్క అద్దంలో తిరిగినట్టు వస్తుంది. రెండోసారి తినేటప్పుడు తెల్ల ఎడమబంటునే తినేస్తే, ముందుకొచ్చిన కుడిబంటు నల్ల మధ్యబంటుని తిని దాటిపోతుంది. మీరు ముందు ఒకసారి వేసి చూసుకోండి.)

జవాబు మీరు చెప్పేస్తే ఆ మూడు రోజులూ పోయినట్టే. బోర్డు అలాగే ఒక మూల బల్ల మీద వదిలేయండి.

బంటు తర్వాత ఏనుగు. మూలన ఉండే బురుజులాంటి పావుని మనవాళ్లు ఏనుగు అంటారు. రేపు క్లాసులో రూక్ అంటారు. రెండు పేర్లూ వాడికి చెప్పేయండి, పిల్లలకి పేర్లతో ఏ ఇబ్బందీ ఉండదు. ఊరేగింపు ఏనుగు వీధి వెంబడి నేరుగానే నడుస్తుంది, సందుల్లో ఐమూలగా దూరలేదు. ఎంత దూరమైనా పోతుంది. ఎవరైనా అడ్డొస్తే గెంతలేదు, దానికంత ఒళ్లుంది మరి. దీనికి ఆట గింజలు తినడం. వేయించిన పల్లీలో, చింతగింజలో ఆరు బోర్డు మీద పెట్టి, ప్రతి కదలికకీ ఒక గింజ తినేటట్టు అన్నీ తినిపించమనండి. ఇంట్లో ఐదేళ్ల లోపు పిల్లలుంటే గింజల బదులు నోట్లో పట్టనంత పెద్దవి ఏవైనా పెట్టండి.

గింజలు ఎలా పడితే అలా పెడితే చిక్కు తెగకపోవచ్చు, మీకూ టెన్షన్. ఒక కిటుకు చెబుతాను. వాడు చూడనప్పుడు వెనక నుంచి పేర్చండి. ఏనుగుని ఎక్కడైనా పెట్టి, అది నిలబడ్డ గడిలో ఒక గింజ. అక్కడనుంచి ఏనుగుని నేరుగా ఇంకో గడికి జరిపి అక్కడో గింజ. అలా ఆరు గింజలు పడ్డాక ఇంకొక్కసారి జరిపి ఏనుగుని అక్కడ వదిలేయండి. మీరు వచ్చిన దారినే తిరిగి వెళ్తే అన్నీ అయిపోతాయి. జరిపేటప్పుడు దారి మధ్యలో ఇంతకుముందు పెట్టిన గింజ అడ్డం రాకుండా చూసుకుంటే చాలు. మీకు చెస్ పెద్దగా రాకపోయినా ఇది చేయొచ్చు. శకటుకైనా, మంత్రికైనా, గుర్రానికైనా ఇదే పద్ధతి.

శకటుని కొందరి ఇళ్లలో ఒంటె అంటారు. దీనికి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఒక శకటు తెల్లరాళ్ల మీదే నడుస్తానని ఒట్టేసుకుంది, దాని చెల్లెలు నల్లరాళ్ల మీదే. అందుకే ఐమూలగా పోతాయి. ఈ ఆటలో ఒక గింజ కావాలని తప్పు రంగు గడిలో పెట్టండి. పాపం ఐదారు నిమిషాలు దానికోసం తిరిగి తిరిగి, "ఇది రాదమ్మా, ఎప్పటికీ రాదు" అంటాడు. ఆ మాట వాడి నోటినుంచి వస్తే శకటు పాఠం అయిపోయినట్టే.

గుర్రం దగ్గర తొందరపడకండి. పిల్లలందరూ ఇక్కడే తప్పులు చేస్తారు. పెద్దవాళ్లు ఇంగ్లీషు అక్షరం ఎల్ ఆకారం అని చెబుతారు. ఆరేళ్లవాడు ఆ ఆకారాన్ని ఒకేవైపు నిలబెట్టి గుర్తుపెట్టుకుంటాడు, పడుకోబెట్టినా తిరగేసినా పోల్చుకోలేడు. గుర్రం ఎనిమిది వైపులా గెంతగలదు, వాడు మూడు వైపులే చూస్తాడు. నేను వేరే చేస్తాను. వాకిట్లో, లేకపోతే మేడమీద, సుద్దముక్కతో పెద్ద గళ్లు గీయండి, మూడు అడ్డం మూడు నిలువు, మొత్తం తొమ్మిది. మధ్య గడి బావి. మీవాడే గుర్రం. మూలన నిలబడి, నేరుగా రెండు గళ్లు, పక్కకి ఒకటి లెక్కపెట్టి గెంతాలి, మధ్యలో ఏముందో చూడక్కర్లేదు. బావిలో పడకుండా చుట్టూ ఉన్న ఎనిమిది గళ్లూ ఒక్కోసారి తొక్కి మొదలుపెట్టిన చోటికే రావాలి. సరిగ్గా ఎనిమిది గెంతులు పడతాయి. తిరిగి వెనక్కి గెంతకపోతే చాలు, దారి తప్పే వీలే లేదు. ఎందుకంటే ఆ బావి చుట్టూ ఏ గడినుంచైనా గుర్రానికి రెండే దారులుంటాయి, ఒకటి వచ్చింది, రెండోది పోవాల్సింది. మధ్య గడికి ఏ గడినుంచీ అందదు, మధ్యనుంచి ఎక్కడికీ పోలేదు. ఈ సంగతి కూడా వాడే కనిపెడతాడు.

కాళ్లకి అర్థమయ్యాక బోర్డు మీదికి రండి. ఇక్కడ తప్పు గెంతిందో లేదో వాడే సరిచూసుకునే గుర్తు ఒకటి ఇవ్వండి. నల్లగడి మీద ఉన్న గుర్రం ఎప్పుడూ తెల్లగడి మీదే దిగుతుంది, తెల్లది నల్లమీద. రంగు మారలేదంటే గెంతు తప్పు. దీనివల్ల మీరు "కాదు కాదు" అని చేయి పట్టుకోవాల్సిన పని తప్పుతుంది. తర్వాత ఒక గుర్రానికి ఎదురుగా మూడు బంట్లు పెట్టి ఆడండి. బంట్లు దాటిపోయేలోపు గుర్రం వాటిని తినాలి. బంట్లు మీవి, గుర్రం వాడిది, మర్నాడు అటూ ఇటూ.

మంత్రి నాలుగోవారం దాటాకే బయటికి రావాలి. ముందే ఇస్తే ఇక మిగతావాటిని ముట్టుకోరు, మంత్రినొక్కదాన్నే బోర్డంతా తిప్పుతారు. ఏనుగు నడకా శకటు నడకా రెండూ కలిపితే మంత్రి, అంతకుమించి కథ అక్కర్లేదు. అవతలి వరస చేరిన బంటుకి ఏమవుతుందన్నదానికి ఇప్పుడు జవాబు చెప్పొచ్చు: మాట నిలబెట్టుకున్నాడు కాబట్టి మంత్రి పదవి ఇచ్చారు. "రాజుకంటే మంత్రికి బలమెక్కువా?" అని మీవాడు అడుగుతాడు, అందరూ అడుగుతారు. పూర్వం మన దేశపు చతురంగంలో మంత్రి ఐమూలగా ఒక్క అడుగే వేసేవాడు. ఐరోపాకి వెళ్లాక ఆ పావు రాణి అయింది, పదిహేనో శతాబ్దం చివర్లో అక్కడే దానికి ఇంత బలమిచ్చారు. ఆ పాత మంత్రితో కూడా ఒకరోజు ఆడి చూపించండి, బావుంటుంది.

రాజు దగ్గరికి వచ్చేముందు ఒకటి రెండు రోజులు పులి-మేక ఆడండి. మీకు రాకపోతే మీ అత్తగారినో అమ్మగారినో అడగండి. పాత గుళ్ల మండపాల్లో బండల మీద ఆ గీతలు ఇప్పటికీ ఉంటాయి. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేకమీదుగా దూకి చంపుతుంది. మేకలు పులిని చంపలేవు, చుట్టూ చేరి కదలకుండా కట్టేస్తాయి. ఇక్కడ వాడికి మొదటిసారి తెలుస్తుంది, చంపకుండా కూడా గెలవొచ్చని. చెస్‌లో "చెక్‌మేట్" అన్నమాట ఎంత చెప్పినా తలకెక్కని పిల్లలకి "రాజుని పులిలా కట్టేశారు" అంటే తలూపడం నేను చాలాసార్లు చూశాను. ఒక్క తేడా మాత్రం చెప్పాలి. పులిని కట్టేస్తే చాలు. రాజుని కట్టేయడంతోపాటు ఎవరో ఒకరు అతన్ని గురిపెట్టి కూడా ఉండాలి. గురి లేకుండా ఉత్తినే కదలకుండా చేస్తే డ్రా, బంట్ల ఆటలో లాగా.

దీనికి ఆట: మీకు ఒంటరి రాజు, వాడికి రెండు ఏనుగులు. మీ రాజుని ఐదో వరసలో కుడివైపు పెట్టండి. వాడి ఒక ఏనుగు నాలుగో వరస ఎడమ చివర నిలబడితే అదొక గోడ, రాజు కిందికి రాలేడు. రెండో ఏనుగు, ఎడమనుంచి రెండో నిలువు వరసలో ఉన్నది, ఐదో వరసలోకి వచ్చి "చెక్" అంటుంది. రాజు ఆరుకి పోవాలి. ఇప్పుడు కింద గోడగా ఉన్న ఏనుగు ఆరో వరసకి ఎక్కి చెక్. రాజు ఏడుకి. ఐదులో ఉన్నది ఏడుకి ఎక్కి చెక్. రాజు ఎనిమిదికి. ఆరులో ఉన్నది ఎనిమిదికి ఎక్కితే ఇక రాజుకి మెట్లు లేవు. నాలుగు ఎత్తులు. "కుడికాలు, ఎడమకాలు, మెట్లెక్కు" అని పాటలా పాడుకుంటూ ఎక్కిస్తారు పిల్లలు. మొదట్లో మీ రాజు కుడిపక్కనే వెనక్కి వెళ్లాలి. వాడికి బాగా వచ్చాక రాజుని ఏనుగుల వైపు నడిపించి ఒకదాని పక్కన ఆనుకుని నిలబడండి. చూసుకోకుండా మెట్టెక్కితే రెండోదాన్ని తినేస్తాడు రాజు. అలాంటప్పుడు ఆ ఏనుగు అదే వరసలో రెండో చివరికి పారిపోవాలి. గోడ అలాగే ఉంటుంది, రాజు మళ్లీ దూరం. ఇది దొరికేదాకా ఒకటి రెండు ఏనుగులు పోతాయి, పోనివ్వండి.

ఇంతవరకు రావడానికి మా దగ్గర పిల్లలకి రెండు నుంచి మూడు నెలలు పట్టింది, రోజూ పావుగంట లెక్కన. కొందరికి గుర్రం దగ్గరే నెల. ముందుకి వెళ్లొచ్చా అన్నది తెలుసుకోవడానికి పరీక్ష పెట్టకండి. మీరే కావాలని ఒక తప్పు ఎత్తు వేయండి. ఏనుగుని బంటుమీదుగా గెంతించండి. "అమ్మా, మోసం!" అని అరిస్తే ఆ పావు వచ్చేసినట్టు. చూసి ఊరుకుంటే ఇంకో వారం అక్కడే ఉండండి.

ఆ తర్వాత రాజూ బంట్లతో పూర్తి ఆట, నాలుగైదు రోజులకొక పావు చొప్పున కలుపుకుంటూ వెళ్లండి. రాజూ ఏనుగూ ఒకే ఎత్తులో కదిలే క్యాస్లింగ్ ఆఖర్న చెప్పండి. ఎదుటి బంటు రెండడుగులు వేసినప్పుడు పక్కనుంచి తినే ఆ ప్రత్యేక రూలు ఉందే, అది కొన్ని నెలల తర్వాత చెప్పినా నష్టం లేదు. పోటీలకి వెళ్లేముందు మాత్రం తప్పదు.

కథలతో వచ్చే తంటా ఒకటుంది. మా పక్కింటి పిల్ల తన ఏనుక్కి పేరు పెట్టుకుంది, బొట్టు కూడా పెట్టింది. మూడోరోజు అది పోయింది. ఇల్లెగిరిపోయేలా ఏడుపు. తప్పు నాదే, పావు "చచ్చిపోయింది" అన్నాను. అప్పట్నుంచి బోర్డు పక్కన ఒక గిన్నె పెట్టి, పోయిన పావులు అక్కడ అన్నం తినడానికి వెళ్లాయంటున్నాను. ఆట అయ్యాక అన్నీ తిరిగొస్తాయి. మీరు కూడా "చంపు" అనకుండా "తిను", "ఇంటికి పంపు" అనండి. అలాగే కథ ఎప్పుడు ఆపాలో కూడా చూసుకోవాలి. "నా గుర్రానికి భయమేసింది, వెళ్లదు" అని ఎత్తు వేయకుండా కూర్చున్నాడంటే ఆ పూట కథ కట్టిపెట్టి గింజల ఆటకి మళ్లించండి.

మీరు కావాలని ఓడిపోకండి. ఆరేళ్లవాళ్లు ఇట్టే పసిగడతారు. దానికి బదులు మీ బలం తగ్గించుకోండి. వాడికి ఐదు బంట్లు, మీకు మూడు. గెలిస్తే నిజంగానే గెలిచినట్టు ఉంటుంది. రెండుసార్లు వరసగా గెలిచాక మీకొక బంటు పెంచండి.

ఇక మీ పక్క ఫ్లాట్ పాప సంగతి. అండర్-7లో జాతీయ పోటీలే జరుగుతాయి, కాబట్టి ఆ వయసుకి బాగా ఆడే పిల్లలు ఉన్నారన్నది నిజమే. మీవాడు వాళ్లలో ఉండాల్సిన అవసరం ఈ ఏడాదికి లేదు. మన కోనేరు హంపికి మొదట నేర్పింది తండ్రి, పెంటేల హరికృష్ణకి తాతగారు, ఇద్దరికీ ఇంట్లోనే మొదలైంది. ఏడెనిమిది నెలల తర్వాత వాడంతట వాడే "ఇంకెవరితోనైనా ఆడాలి" అంటే అప్పుడు కోచింగ్ చూడండి. ఆరేళ్లవాళ్లని స్క్రీన్ ముందు కూర్చోబెట్టేది కాకుండా, ఎదురుగా ఇంకో పిల్లవాడు ఉండే చోటు వెతకండి. మొదటి క్లాసుకి మీరూ వెళ్లి చూడండి. వచ్చినరోజే ఎత్తుల్ని గుర్తుల్లో రాసే నొటేషన్ రాయించేవాళ్లయితే మీవాడికి అది వచ్చే ఏడాదికి.

మీకు ఆట అంతంతే వచ్చన్నారు, అది మంచిదే. మీరూ బాబూ ఒక జట్టుగా తెల్లబంట్లు తీసుకోండి, మీవారికి నల్లవి ఇవ్వండి. మీరు వాడిని "ఇప్పుడేం చేద్దాం రా?" అని నిజంగానే అడుగుతారు, ఎందుకంటే మీకూ తెలియదు. మీవారికి ఒకటే షరతు, ఎత్తు వేసేముందు తన బల్లెం ఎక్కడ తగులుతుందో పైకి చెప్పాలి. ఆ పావుగంట అయ్యాక పెట్టె మొత్తం వాడికిచ్చేసి, గుర్రంతో ఏనుగుని ఎన్నిసార్లు గుద్దించుకుంటాడో గుద్దించుకోనివ్వండి.